తిన్నాక షుగర్ పడిపోవడం: షుగర్ జబ్బు లేనివాళ్లలో రియాక్టివ్ హైపోగ్లైసీమియాను డాక్టర్లు ఎలా తేలుస్తారు

పొద్దున ఎనిమిదింటికి చాయ్‌లో నాలుగు బిస్కెట్లు ముంచుకుని తిని, పైన రెండు ఇడ్లీలు వేసుకుని పనిలో కూర్చుంటారు. పదకొండు దాటేసరికి చేతులు వణుకుతాయి, ఒళ్లంతా చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. ఏదైనా తీపి నోట్లో వేసుకుంటే కాసేపటికి సర్దుకుంటుంది. ‘నీకు షుగర్ డౌన్ అయింది’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. షుగర్ జబ్బు లేదు, మందులు వాడట్లేదు, మరి షుగర్ ఎందుకు పడిపోవాలి?

తిన్న తర్వాత రెండు నుంచి ఐదు గంటల లోపు రక్తంలో గ్లూకోజ్ అవసరానికి మించి పడిపోవడాన్ని రియాక్టివ్ హైపోగ్లైసీమియా అంటారు. తిండికి ప్రతిచర్యగా వచ్చేది కాబట్టి ఆ పేరు. డాక్టర్లు ‘పోస్ట్‌ప్రాండియల్’ అనే మాట కూడా వాడతారు, అంటే భోజనం తర్వాత వచ్చేది అని. ఇది నిజంగా ఉన్న జబ్బే. కానీ ఈ పేరు పెట్టించుకున్న వాళ్లందరికీ ఇది ఉండదు. ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని తేల్చడం దగ్గరే అసలు చిక్కు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ తేల్చే పద్ధతి గురించే.

మూడూ కలిస్తేనే జబ్బు

1924లో అమెరికాలోని అలబామాకు చెందిన సీల్ హారిస్ అనే డాక్టరు ఒక సంగతి గమనించాడు. అప్పటికి ఇన్సులిన్ కనిపెట్టి రెండు మూడేళ్లే అయింది. ఇన్సులిన్ మోతాదు ఎక్కువైన షుగర్ పేషెంట్లకు వచ్చే వణుకు, చెమట, నీరసం ఇన్సులిన్ అసలు తీసుకోని కొందరిలో కూడా ఆయనకు కనిపించాయి. వీళ్ల ఒంట్లోనే ఇన్సులిన్ ఎక్కువగా తయారవుతోందని ఆయన రాశాడు. తర్వాత పదేళ్లలో సర్జన్లు క్లోమంలో ఇన్సులిన్ కురిపించే గడ్డల కోసం పొట్ట కోసి వెతకడం మొదలుపెట్టారు.

న్యూయార్క్ సర్జన్ అలెన్ విపుల్‌కు వచ్చిన ఇబ్బంది ఇక్కడే. నీరసంగా ఉంది, చెమటలు పడుతున్నాయి అని వచ్చిన ప్రతి మనిషి పొట్టా కోయలేం కదా. అందుకని ఆయన మూడు షరతులు పెట్టాడు. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే లక్షణాలు ఉండాలి. సరిగ్గా ఆ లక్షణాలు ఉన్న సమయంలోనే తీసిన రక్తంలో గ్లూకోజ్ నిజంగా తక్కువ ఉండాలి. గ్లూకోజ్ ఇచ్చి ఆ అంకె పెరిగితే లక్షణాలు పోవాలి. దీన్నే విపుల్స్ ట్రయాడ్ అంటారు. 1930లలో ఆపరేషన్ థియేటర్ కోసం పుట్టిన ఈ నియమాన్ని ఇవాళ్టికీ డాక్టర్లు వదల్లేదు. షుగర్ జబ్బు లేనివాళ్ల విషయంలో ఈ మూడూ రుజువైతేనే ముందుకెళ్లి పరీక్షలు చేయాలని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెప్పాయి.

ఇందులో జనం మర్చిపోయేది ‘అదే సమయంలో’ అన్న మాట. సోమవారం వణుకు వచ్చింది, బుధవారం ల్యాబ్‌లో షుగర్ తక్కువ వచ్చింది అంటే అది ట్రయాడ్ కాదు, రెండు వేర్వేరు సంఘటనలు. ఒకే దఫాలో మూడూ దొరకాలి.

వణుకు ఎక్కడి నుంచి వస్తుంది

షుగర్ పడిపోతుంటే ఒళ్లు చేతులు ముడుచుకుని కూర్చోదు. గ్లూకోజ్ 80 మిల్లీగ్రాముల దగ్గరికి రాగానే క్లోమం ఇన్సులిన్‌ను తగ్గించేస్తుంది. (ఇక్కడి నుంచి చెప్పే అంకెలన్నీ డెసిలీటరు రక్తానికి ఇన్ని మిల్లీగ్రాములు అనే లెక్కే, మన ల్యాబ్ రిపోర్టుల్లో ఉండేదే.) 65–70 మధ్యకు వస్తే గ్లూకగాన్, అడ్రినలిన్ హార్మోన్లు బయల్దేరి, కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోకి వదిలిస్తాయి. 55 దగ్గరికి దిగితే మనిషికి తెలిసేలా లక్షణాలు మొదలవుతాయి. షుగర్ జబ్బు లేనివాళ్లలో 55 కంటే తక్కువైతేనే డాక్టర్లు దాన్ని నిజమైన తగ్గుదలగా తీసుకునేది అందుకే.

ఆ లక్షణాలు రెండు రకాలు. మొదటిది అడ్రినలిన్, నరాల వ్యవస్థ చేసే అల్లరి: వణుకు, దడ, చెమట, ఆకలి, కంగారు, పెదాల దగ్గర తిమ్మిరి. రెండోది మెదడుకు చక్కెర అందక వచ్చేది: మాట తడబడటం, చూపు మసకబారడం, ఎదురుగా ఉన్నది అర్థం కాకపోవడం, వింతగా ప్రవర్తించడం, ఫిట్స్, స్పృహ తప్పడం.

డాక్టరు రెండో రకం గురించి గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఎందుకంటే మొదటి రకం లక్షణాలకు షుగర్‌తో పని లేదు. అడ్రినలిన్ ఏ కారణంతో పెరిగినా చేతులు వణుకుతాయి. భయం, నిద్రలేమి, రక్తం తక్కువగా ఉండటం, థైరాయిడ్ ఎక్కువ పనిచేయడం, గుండె లయ తప్పడం, మూడో చాయ్ తాగడం, ఏదైనా సరే. కాబట్టి ‘చేతులు వణుకుతున్నయ్ సార్’ అంటే అది అనుమానమే, రుజువు కాదు.

తీపి తినగానే తగ్గింది అనేది కూడా చాలామంది చెప్పే సాక్ష్యం. దాన్ని కాస్త పరీక్షగా చూడాలి. నోట్లో వేసుకున్న చక్కెర పేగుల్లోకి దిగి, రక్తంలో కలిసి, అంకెను పెంచడానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. చాయ్ గ్లాసు పెదాలకు తగలగానే హాయిగా అనిపించిందంటే అది కూర్చోవడం వల్ల, గొంతు తడవడం వల్ల, ధైర్యం రావడం వల్ల కావచ్చు. అది కూడా ఉపశమనమే కానీ విపుల్ అడిగిన ఉపశమనం కాదు.

ఒక ఉదాహరణ

ఇది ఫలానా మనిషి కథ కాదు. డాక్టర్ల దగ్గరికి ఇలాంటివి ఎలా వస్తాయో, ఎలా తేలుతాయో అర్థం కావడానికి అల్లిన ఉదాహరణ.

హవేలిఘనపూర్‌లో ఇంట్లోనే మిషన్ కుట్టుకునే ఒక ఆపా ఉన్నారనుకోండి. వయసు 34. పొద్దున చాయ్, బిస్కెట్లు, రెండు ఇడ్లీలు. పదకొండు గంటలకు సూదిలో దారం ఎక్కించలేనంత వణుకు. మూడు నెలలుగా ఇదే వరస. ఊళ్లో వైద్యం చేసే ఆయన చూసి, ‘షుగర్ పడిపోతోంది ఆపా, గ్లూకోజ్ పొడి దగ్గర పెట్టుకో’ అన్నాడు. ఆమె పెట్టుకున్నారు. వణుకు వచ్చినప్పుడల్లా రెండు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. మామగారికి షుగర్ ఉంది కాబట్టి ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది. ఒకరోజు వణుకు వచ్చినప్పుడు కొడుకు వేలికి గుచ్చి చూశాడు. 64.

ఇంట్లోవాళ్లకు ఇంకేం కావాలి, రుజువైపోయింది. కానీ కాలేదు. ఇంట్లో వాడే మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చిన వెసులుబాటు చూడండి: 100 లోపు అంకెల్లో అసలు విలువకు 15 అటూ ఇటూ చూపించినా ఆ మీటరు పాసైనట్టే. అంటే 64 అని చూపించినప్పుడు లోపల ఉన్నది 49 కావచ్చు, 79 కూడా కావచ్చు. ఒకటి జబ్బు, ఇంకొకటి మామూలు. ఈ యంత్రాలు షుగర్ ఉన్నవాళ్లు 180 ఉందా 280 ఉందా చూసుకోవడానికి తయారైనవి. షుగర్ లేని మనిషిలో 52కూ 66కూ తేడా తేల్చే పని వాటిది కాదు. కాలం చెల్లిన స్ట్రిప్పులు, మూత తీసి తేమలో పెట్టిన డబ్బా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. చర్మం మీద అతికించుకునే సెన్సార్లు కూడా తక్కువ అంకెల దగ్గర ఇంతే, వాటి మీద ఆధారపడి జబ్బు ఉందని చెప్పరు.

సరే, ల్యాబ్‌కు వెళ్దాం అనుకున్నారు. ఒక ల్యాబ్‌లో 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి ఐదు గంటల పాటు రక్తం తీశారు. నాలుగో గంటలో 51 వచ్చింది. రిపోర్టు మీద ఎర్ర ఇంకు గీత. విచిత్రం ఏమిటంటే ఆ నాలుగో గంటలో ఆమెకు ఏమీ అనిపించలేదు, బెంచీ మీద కూర్చుని పక్కావిడతో మాట్లాడుతున్నారు.

ఈ ఐదు గంటల గ్లూకోజ్ పరీక్షే చాలామందిని తప్పుదారి పట్టించింది. 75 గ్రాములంటే దాదాపు పదిహేను చెంచాల చక్కెరను ఖాళీ కడుపులో నీళ్లలా తాగడం. అందులో కొవ్వు లేదు, ప్రొటీన్ లేదు, పీచు లేదు. ఇన్సులిన్ ఒక్క ఉదుటున ఎగసి, తర్వాత గ్లూకోజ్‌ను బాగా కిందికి లాగుతుంది. ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లో కూడా పదిమందిలో ఒకరికి ఈ పరీక్షలో 50కి అటూ ఇటూగా పడిపోతుంది. మళ్లీ అదే మనిషికి మామూలు భోజనం పెట్టి చూస్తే పడదు. రోజూ ఎవరూ పదిహేను చెంచాల చక్కెర తాగరు కాబట్టి రోజూ జరిగేదేంటో ఈ పరీక్ష చెప్పదు. అమెరికాలో 1960ల చివర, 1970లలో ఈ పరీక్ష పుణ్యాన అలసట నుంచి దిగులు దాకా అన్నిటికీ ‘లో షుగర్’ అనే పేరు అంటించేశారు. అది ఎంత దూరం వెళ్లిందంటే, 1973లో అక్కడి డయాబెటిస్ అసోసియేషన్, మెడికల్ అసోసియేషన్, ఎండోక్రైన్ సొసైటీ కలిసి దీనికి అడ్డుకట్ట వేస్తూ ప్రకటన చేయాల్సి వచ్చింది. యాభై ఏళ్లు దాటినా మన దగ్గర ఆ పరీక్ష ఇంకా రాస్తున్నవాళ్లు ఉన్నారు.

ఒక మాట. రెండు గంటల గ్లూకోజ్ పరీక్షను తప్పు పట్టట్లేదు. షుగర్ జబ్బు, దానికి ముందు దశ ఉన్నాయా అని చూడటానికి అది మంచి పరీక్షే. దాన్ని ఐదు గంటలకు సాగదీసి, ‘పడిపోవడం’ వెతకడమే తప్పు.

అసలు పరీక్ష: భోజనం పెట్టి చూడటం

మన ఉదాహరణలోని ఆపాను పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడి డాక్టరు రిపోర్టు చూడకముందే అడిగిన ప్రశ్నలు వేరు. తిన్నాక ఎన్ని గంటలకు వస్తుంది? తెల్లవారుజామున, నిద్రలో, ఏమీ తినకుండా ఉన్నప్పుడు ఎప్పుడైనా వచ్చిందా? స్పృహ తప్పిందా? కడుపుకు ఏదైనా ఆపరేషన్ అయిందా? ఏమేం మందులు, బలం గోళీలు వాడుతున్నారు? ఇంట్లో ఎవరి షుగర్ మందులు ఎక్కడ ఉంటాయి? బరువు పెరిగారా, తగ్గారా?

ఈ ప్రశ్నల్లో మొదటి రెండూ దారిని విడదీస్తాయి. పరగడుపున వచ్చేది వేరే కథ. అలాంటి వాళ్లను ఆసుపత్రిలో చేర్చుకుని, నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకుండా 72 గంటల దాకా ఉంచి చూస్తారు. ఆరోగ్యవంతుడి కాలేయం ఉపవాసంలో కూడా గ్లూకోజ్‌ను పడిపోనివ్వదు. రంజాన్‌లో పొద్దున సహరీ నుంచి ఇఫ్తార్ దాకా పద్నాలుగు గంటలు ఉండే రోజా షుగర్ జబ్బు లేని మనిషి గ్లూకోజ్‌ను ప్రమాదస్థాయికి దించదు. తలనొప్పి, నీరసం రావచ్చు, అవి ఎక్కువగా నీళ్లు, చాయ్, నిద్ర తగ్గడం వల్ల వచ్చేవి. ఏ మందూ వాడని మనిషికి అస్ర్ వేళకు మాట తడబడి, రక్తంలో 55 కన్నా తక్కువ వచ్చిందంటే దాన్ని ‘రోజా వల్ల’ అని వదిలేయకూడదు. క్లోమంలో ఇన్సులిన్ గడ్డ ఉందేమో చూడాలి. అదే ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, రూహ్ అఫ్జా, పండ్లరసం ఒకదాని మీద ఒకటి తీసుకుని, తరావీహ్ సమయానికి వణుకు వస్తే అది తిన్నాక వచ్చే రకం, మనం మాట్లాడుకుంటున్న రకం.

తిన్నాక వచ్చే రకానికి చేసేది మిక్స్‌డ్ మీల్ పరీక్ష. పేరు పెద్దదే కానీ పని సూటిగా ఉంటుంది. రాత్రంతా ఖాళీ కడుపుతో రావాలి. అత్యవసరం కాని మందులు ఆపుతారు. ఏ తిండి తింటే ఇబ్బంది వస్తుందో దాదాపు ఆ తిండే పెడతారు, కొవ్వు, ప్రొటీన్, పిండి పదార్థం మూడూ ఉండేలా. తినకముందు ఒకసారి, తర్వాత ప్రతి అరగంటకోసారి, 300 నిమిషాలు అంటే ఐదు గంటల దాకా చేతి సిర నుంచి రక్తం తీస్తారు. పక్కన కూర్చున్న నర్సు ఏ నిమిషానికి ఏ లక్షణం వచ్చిందో రాస్తుంది. లక్షణం వచ్చినా, ప్రమాదం లేనంతవరకు, వెంటనే తీపి ఇవ్వరు. ఇవ్వక తప్పకపోతే ముందు రక్తం తీసి తర్వాత ఇస్తారు. ముందు తీపి, తర్వాత రక్తం అంటే ఆ ఐదు గంటలూ వృథా.

ఇక్కడ ఒక చిన్న వస్తువు గురించి చెప్పాలి: బూడిద రంగు మూత ఉన్న గొట్టం. రక్తం బయటికి తీశాక కూడా అందులోని కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. మామూలు గొట్టంలో పెట్టి పక్కన పడేస్తే గంటకు అయిదారు శాతం చొప్పున తగ్గిపోతుంది. పొద్దున తీసిన రక్తం మధ్యాహ్నం దాకా బల్ల మీద ఉంటే 80 ఉన్నది 60 చిల్లరగా రిపోర్టులోకి వస్తుంది. ఎండాకాలం అయితే ఇంకా ఎక్కువ. బూడిద మూత గొట్టంలో ఉండే ఫ్లోరైడ్ ఈ తినడాన్ని ఆపుతుంది, అయితే అది పూర్తిగా పనిచేయడానికి కూడా గంట పైనే పడుతుంది. కాబట్టి ఆ గొట్టాన్ని కూడా త్వరగా ల్యాబ్‌కు చేర్చి వేరు చేయాలి. ఊళ్లో తీసి, బైకు మీద పట్నానికి, అక్కడి నుంచి ఇంకో చోటికి ప్రయాణం చేసిన శాంపిల్‌లో ఒంటరిగా తక్కువ అంకె వస్తే, మనిషికి ఏ లక్షణమూ లేకపోతే, ముందు గొట్టాన్ని అనుమానించాలి.

ఆపాకు అదే చాయ్, బిస్కెట్లు, ఇడ్లీలు పెట్టారు. పరగడుపున 88. అరగంటకు 142. రెండు గంటలకు 96. మూడు గంటలకు 76. మూడు గంటల ఇరవై నిమిషాలకు వణుకు, చెమట మొదలయ్యాయి, ‘ఇదే సార్, ఇట్లనే అయితది’ అన్నారు. వెంటనే తీసిన రక్తంలో 71. తీపి ఇవ్వలేదు. నాలుగో గంటకు వణుకు దానంతటదే తగ్గింది, అంకె 74. ఐదో గంటకు 83.

లక్షణం ఉంది. అదే సమయంలో తక్కువ అంకె లేదు. చక్కెర పెరగకుండానే లక్షణం పోయింది. ట్రయాడ్‌లో మొదటి కాలు ఒక్కటే నిలబడింది. ఆమెకు రియాక్టివ్ హైపోగ్లైసీమియా లేదు.

‘మరి నేను అబద్ధం చెప్తున్ననా?’ అని ఇలాంటి చోట పేషెంటు అడుగుతారు, అడగాల్సిందే. వణుకు అబద్ధం కాదు, దానికి పెట్టిన పేరే తప్పు. నర్సు రాసిన కాగితంలో ఇంకో అంకె ఉంది: వణుకు సమయంలో నాడి 124, అది తగ్గాక కూడా 106. మూడు నెలల్లో ఐదు కిలోలు తగ్గారు, ఎండకు ఓర్చుకోలేకపోతున్నారు. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోంది. అది రోజంతా ఒంటిని పరుగెత్తిస్తోంది, ఆకలి వేసిన వేళ ఆ పరుగు ఎక్కువగా తెలుస్తోంది. మూడు నెలలు గ్లూకోజ్ పొడి తాగుతూ ఉండటం వల్ల అసలు జబ్బు దొరకడం మూడు నెలలు వెనక్కి పోయింది.

ఇలా పరీక్ష చేస్తే చాలామందిలో లక్షణాలు ఉంటాయి, అంకె మామూలుగా ఉంటుంది. థైరాయిడ్, రక్తహీనత, గుండె, బీపీ అన్నీ చూశాక కూడా కారణం దొరకని వాళ్లు ఉంటారు. దాన్ని పోస్ట్‌ప్రాండియల్ సిండ్రోమ్ అంటారు. కొంతమంది ఒళ్లు అడ్రినలిన్‌కు ఎక్కువగా స్పందిస్తుందని ఒక అభిప్రాయం. తిండి వేళలు, రకం మారిస్తే వాళ్లకు కూడా హాయిగా ఉంటుంది, కానీ గడ్డల కోసం స్కానింగులు అక్కర్లేదు.

నిజంగా పడిపోయినప్పుడు

ఇప్పుడు రెండో ఉదాహరణ, చిన్నది. అరవై దాటిన ఒక పెద్దాయన. ముప్పై ఏళ్ల కింద కడుపులో పుండుకు ఆపరేషన్ అయింది, కడుపును చిన్నపేగుకు నేరుగా కలిపారు. మన పల్లెల్లో ఆ తరం వాళ్లలో ఈ ఆపరేషన్ మచ్చ ఉన్నవాళ్లు తరచుగా కనిపిస్తారు. అన్నం తిన్న గంటన్నర, రెండు గంటలకు ఆయన ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తేరిపార చూస్తూ ఉండిపోతాడు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకున్నారు. భోజనం పరీక్షలో తొంభయ్యో నిమిషానికి 212, నూట యాభయ్యో నిమిషానికి 46. ఆ సమయంలో కొడుకు పేరు అడిగితే చెప్పలేకపోయాడు. రక్తం తీసి, గ్లూకోజ్ ఇచ్చారు. పదిహేను నిమిషాలకు 98, మాట తిరిగి వచ్చింది. మూడు కాళ్లూ నిలబడ్డాయి.

కడుపు తలుపు లేని ఇల్లు అయినప్పుడు అన్నం ఒక్కసారిగా పేగులోకి జారిపోతుంది. గ్లూకోజ్ వేగంగా ఎగురుతుంది, పేగు నుంచి వచ్చే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ క్లోమాన్ని తరుముతుంది, ఇన్సులిన్ అవసరాన్ని మించి వస్తుంది. బరువు తగ్గడానికి చేసే బైపాస్ ఆపరేషన్ల తర్వాత కూడా ఇదే జరుగుతుంది, సాధారణంగా ఆపరేషన్ అయిన ఏడాది దాటాక బయటపడుతుంది. హైదరాబాద్‌లో ఈ ఆపరేషన్లు చేయించుకుని ఊళ్లకు తిరిగొచ్చేవాళ్లు పెరుగుతున్నారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయమే. తిన్న అరగంటలోపే వచ్చే చెమట, దడ, విరేచనం మాత్రం వేరు, దాన్ని డంపింగ్ అంటారు, అందులో షుగర్ పడదు.

ట్రయాడ్ రుజువైన తర్వాత డాక్టరు అడిగేది ‘ఆ ఇన్సులిన్ ఎక్కడిది?’ అని. అందుకే భోజనం పరీక్షలో తీసిన ప్రతి శాంపిల్‌లో కొంత దాచి ఉంచుతారు. గ్లూకోజ్ 60 కంటే తక్కువ వచ్చిన శాంపిళ్లలోనే ఇన్సులిన్, సి-పెప్టైడ్ చూస్తారు. క్లోమం ఇన్సులిన్ తయారుచేసేటప్పుడు ఒక పొడుగు గొలుసును కత్తిరిస్తుంది, ఒక ముక్క ఇన్సులిన్, ఇంకొక ముక్క సి-పెప్టైడ్. రెండూ సమానంగా బయటికి వస్తాయి. బయటి నుంచి ఇంజెక్షన్‌గా వచ్చిన ఇన్సులిన్‌కు ఆ రెండో ముక్క ఉండదు. కాబట్టి ఇన్సులిన్ ఎక్కువ, సి-పెప్టైడ్ తక్కువ ఉంటే ఎవరో సూది వేసినట్టు. రెండూ ఎక్కువ ఉంటే క్లోమమే కురిపిస్తోంది.

కానీ క్లోమం తనంతట తానే కురిపిస్తోందా, ఎవరైనా కొడితే కురిపిస్తోందా? గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగర్ గోళీలు కూడా రెండిటినీ పెంచుతాయి. మామగారి గోళీల డబ్బా, కోడలి బీపీ గోళీల డబ్బా ఒకే అల్మారాలో ఉంటే పొరపాటు జరగడం పెద్ద వింత కాదు. అందుకే రక్తంలో ఈ గోళీల జాడ కూడా అదే శాంపిల్‌లో వెతుకుతారు. లక్షణం తగ్గిన మర్నాడు తీసిన రక్తంలో ఈ పరీక్ష పనికిరాదు.

ఇంకొకటి మన దగ్గర ప్రత్యేకంగా అడగాల్సింది: నరాల బలం క్యాప్సూళ్లు. కాళ్లు తిమ్మిరెక్కితే మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చే చాలా గోళీల్లో మిథైల్‌కోబాలమిన్‌తో పాటు ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ ఉంటుంది. అరుదుగా కొందరిలో దీని వల్ల ఒళ్లు తన ఇన్సులిన్‌కు తానే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఆ యాంటీబాడీలు తిన్నప్పుడు ఇన్సులిన్‌ను పట్టి ఉంచి, వేళ కాని వేళ వదిలేస్తాయి. దీన్ని ఇన్సులిన్ ఆటోఇమ్యూన్ సిండ్రోమ్ అంటారు. జపాన్ డాక్టరు హిరాటా దీన్ని మొదట వివరించాడు. రక్తంలో ఇన్సులిన్ వందల్లో, ఒక్కోసారి వేలల్లో కనిపిస్తుంది. థైరాయిడ్‌కు ఇచ్చే కార్బిమజోల్ గోళీతో కూడా రావచ్చు, అంటే మన మొదటి ఉదాహరణలోని ఆపా ఆ గోళీ వాడుతూ తర్వాతెప్పుడైనా వణుకుతో తిరిగొస్తే మళ్లీ కొత్తగా చూడాల్సి ఉంటుంది. చాలామందిలో ఆ మందు ఆపితే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. యాంటీబాడీ పరీక్ష చేయకుండా ఇలాంటి మనిషిని గడ్డ ఉందని ఆపరేషన్‌కు పంపితే, లేని గడ్డ కోసం క్లోమాన్ని కోసినట్టే.

గడ్డ, అంటే ఇన్సులినోమా, ఎక్కువగా పరగడుపునే ఇబ్బంది పెడుతుంది. కానీ కొద్దిమందిలో తిన్నాక మాత్రమే రావచ్చు. అందుకని భోజనం పరీక్షలో ట్రయాడ్ తేలి, పై కారణాలు ఏవీ కాకపోతే, 72 గంటల ఉపవాస పరీక్ష, ఆ తర్వాతే స్కానింగ్. ఈ వరస తలకిందులు కాకూడదు. ముందే స్కాన్ తీస్తే ఏదో ఒక చుక్క కనిపించి, దాని వెంట పడటం మొదలవుతుంది. ఈ స్థాయి పరీక్షలకు నిమ్స్, ఉస్మానియా వంటి చోట ఎండోక్రైనాలజీ విభాగాలు ఉన్నాయి.

షుగర్ జబ్బు రాబోయే ముందు దశలో కూడా కొందరికి ఇన్సులిన్ ఆలస్యంగా వచ్చి, ఆలస్యంగా ఆగుతుంది. తిన్న మూడు నుంచి ఐదు గంటలకు కిందికి జారుతుంది. అందుకని హెచ్‌బీఏ1సీ అందరికీ చూస్తారు.

ఇంట్లో చేసుకోదగింది

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక చిన్న నోటుబుక్కులో వారం, పది రోజులు రాసి తీసుకెళ్లండి. ఎన్నింటికి ఏం తిన్నారు, ఎన్నింటికి ఏం అనిపించింది, ఏం తీసుకున్నారు, ఎన్ని నిమిషాలకు తగ్గింది. మీటర్ ఉంటే చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, తీపి తీసుకోకముందు చూసి ఆ అంకె రాయండి. అది రుజువు కాదు కానీ, వణుకుతున్నప్పుడు పదిసార్లు చూస్తే పదిసార్లూ 90 వచ్చిందంటే కథ వేరే దారిలో ఉందని తెలిసిపోతుంది. కుదిరితే వణుకు ఉండగానే దగ్గరి ఆసుపత్రికి వెళ్లి బూడిద మూత గొట్టంలో రక్తం ఇవ్వండి. ఆ ఒక్క శాంపిల్ పది గ్లూకోజ్ పరీక్షల కన్నా విలువైనది.

మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, పడిపోవడం, ఫిట్స్, తెల్లవారుజామున లేపినా లేవకపోవడం ఉంటే నోటుబుక్కు పక్కన పెట్టండి. మనిషి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి, మింగలేని మనిషి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

రియాక్టివ్ హైపోగ్లైసీమియా అని తేలినవాళ్లకు మొదటి వైద్యం తిండే. గ్లూకోజ్ పొడి ఆ క్షణానికి ఆదుకుంటుంది కానీ రోజంతా దాని మీద బతికితే ప్రతి గ్లాసూ మళ్లీ ఇన్సులిన్‌ను లేపి, రెండు గంటలకు ఇంకో వణుకును తెస్తుంది. తీపి చాయ్, బిస్కెట్లు, పండ్లరసం ఖాళీ కడుపున మానేయాలి. ఒక్కసారే పళ్లెం నిండా అన్నం పెట్టుకునే బదులు తక్కువ తక్కువగా అయిదారు సార్లు తినాలి. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు, శనగలు ముందు, అన్నం తర్వాత. అలా చేసినా ఆగకపోతే, పిండి పదార్థం అరిగే వేగాన్ని తగ్గించే ఎకార్బోజ్ గోళీని డాక్టర్లు భోజనంతో పాటు ఇస్తారు. కడుపు ఉబ్బరం, గ్యాస్ వస్తాయి కాబట్టి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ఈ గోళీ వాడేవాళ్లకు షుగర్ పడితే మామూలు చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. ఇది రాసిచ్చేటప్పుడే ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన మాట, చాలాసార్లు చెప్పడం మర్చిపోతారు.